IST అంటే ఏ దేశం టైము? భీమవరం రొయ్యల చెరువుల డేటాలో మూడున్నర గంటల తేడా వచ్చిన కేసు

ఉండి, కాళ్ల మండలాల వైపు ఒక రొయ్యల ఫారం ఉంది. వనామీ సాగు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీఓ అని పిలిచే దాన్ని, పది నిమిషాలకోసారి కొలిచే సెన్సర్లు ప్రతి చెరువులోనూ పెట్టారు. ఆ రీడింగులు ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి వెళ్తాయి. అక్కడి నుంచి గ్రాఫులు, ఫోన్‌కి వచ్చే అలారాలు తయారవుతాయి. ఆ డేటాబేస్ బాగోగులు చూడటానికి నన్ను పిలిచినప్పుడు ఫారం సూపర్‌వైజర్ మొదట అడిగిన మాట ఇది:

"ఏవండీ, ఈ గ్రాఫులో ఆక్సిజన్ పొద్దున్న తొమ్మిదింటికి అడుక్కి పోతందండీ. అప్పటికి ఎండ బాగా వచ్చేసి ఉంటది కదా, అప్పుడెందుకు పడిపోద్ది?"

ఈ కేసులో అసలు తీగ దొరికింది ఆ ప్రశ్నలోనే. చెరువులో పచ్చని నాచు పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అది తయారు చేయదు సరికదా, రొయ్యలతో, బ్యాక్టీరియాతో పాటు అదీ ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే డీఓ రాత్రంతా తగ్గుతూ వచ్చి సూర్యోదయం ముందు అట్టడుగుకు చేరుతుంది. పొద్దెక్కే కొద్దీ పెరిగి మధ్యాహ్నం దాటాక మూడు, నాలుగు గంటల ప్రాంతంలో గరిష్ఠానికి వస్తుంది. చెరువుల మీద తెల్లవారుజామున ఏరియేటర్ల శబ్దం ఎందుకు ఆగదో డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు.

గ్రాఫు ఆకారం మాత్రం సరిగ్గానే ఉంది. కిందకు దిగడం, పైకి లేవడం అన్నీ ఉన్నాయి. గంటలే తప్పు. కనిష్ఠం ఐదు, ఐదున్నర మధ్య ఉండాల్సింది ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఉంది. గరిష్ఠం రాత్రి ఏడు గంటలకు ఉంది. నేను ముందు పట్టుకున్నది ఈ రెండోదాన్నే. పొద్దున్న తొమ్మిదింటికి ఆక్సిజన్ తగ్గిందంటే మబ్బు పట్టిందనో, నాచు చచ్చిపోయిందనో ఏదో ఒక కారణం వెతకొచ్చు. మే నెలలో ఇక్కడ ఆరున్నరకు సూర్యుడు అస్తమిస్తాడు. ఏడింటికి, చీకట్లో, అదీ రోజూ అదే వేళకు, నాచు ఆక్సిజన్‌ను శిఖరానికి చేర్చడం జరగని పని. కాబట్టి సెన్సర్‌ని అనుమానించాల్సిన పని లేదు. చూడాల్సింది టైమునే.

ఒకే చెరువుకు రెండు టైములు

ఫారంలో రెండు రకాల పరికరాలు ఉన్నాయి. పాత లాగర్ ఒకటి మొదటి నుంచీ ఉంది. అది ప్రతి రీడింగునూ టెక్స్ట్ ఫైల్‌లో ఒక లైనుగా రాస్తుంది, టైము చివర `IST` అని పెడుతుంది. తర్వాత మరో కంపెనీ గేట్‌వే కొన్నారు. అది టైము చివర `+05:30` అని అంకెల్లో పంపుతుంది. ఒక చెరువులో మాత్రం రెండు పరికరాల సెన్సర్లూ పక్కపక్కన ఉన్నాయి. ఆ చెరువు డేటా విడదీసి చూస్తే గేట్‌వే గ్రాఫు సరిగ్గా ఉంది, లాగర్ గ్రాఫు ఒక్కటే కుడివైపుకు జరిగింది. ఎంత జరిగిందో కొలిస్తే అటూ ఇటూ కాకుండా కచ్చితంగా 3 గంటల 30 నిమిషాలు.

ఈ అంకె చూడగానే దారి చాలావరకు తెలిసిపోతుంది. గడియారం సరిగ్గా పెట్టకపోతే వచ్చే తేడా ఇలా గుండ్రంగా ఉండదు, రోజులు గడిచే కొద్దీ మారుతుంది కూడా. తేడా 5:30 అయితే యూటీసీని భారత సమయం అనుకున్నారని అర్థం. 3:30 ఎక్కడి నుంచి వచ్చింది? భారత కాలమానం యూటీసీ కంటే 5:30 ముందు. అందులోంచి 3:30 తీసేస్తే మిగిలేది 2:00. యూటీసీకి రెండు గంటలు ముందుండి, `IST` అనే పేరు కూడా ఉన్న దేశం ఒకటి ఉంది. అది ఇజ్రాయెల్.

డేటాబేస్‌నే నేరుగా అడిగాను:

```sql
set timezone = 'Asia/Kolkata';
select '2024-05-14 05:10 IST'::timestamptz;
-- 2024-05-14 08:40:00+05:30

select * from pg_timezone_abbrevs where abbrev = 'IST';
-- IST | 02:00:00 | f
```

మొదటి లైనులో మన టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని స్పష్టంగా చెప్పాం. అయినా రెండో లైనులో ఉన్న `IST` ని అది ఇజ్రాయెల్ సమయంగా చదివింది. ఇజ్రాయెల్ చలికాలపు సమయంలో ఉదయం 5:10 అయితే యూటీసీలో 3:10, భీమవరంలో 8:40. లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఆ మూడు అక్షరాలకు ఏ దేశాన్ని అంటగట్టారన్న దగ్గరే ఉంది.

ఈ పేర్లు ఎవరు ఇచ్చారు?

టైమ్‌జోన్ల పొట్టిపేర్లను ఏ అంతర్జాతీయ సంస్థా కేటాయించలేదు. ఏ దేశం తన సమయాన్ని ఎలా పిలుచుకుంటే ఆ మాటల మొదటి అక్షరాలే పొట్టిపేరు అయ్యాయి. భారతదేశానికి `IST`. ఇజ్రాయెల్ చలికాలపు సమయానికీ `IST`. ఐర్లండ్‌లో వేసవి సమయాన్ని చట్టప్రకారం ఐరిష్ స్టాండర్డ్ టైమ్ అంటారు, అదీ `IST`, యూటీసీకి ఒక గంట ముందు. పేరు ఒకటే, గంటలు మూడు రకాలు: 5:30, 2, 1. ఎవరి దేశంలో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ ఆ పేరుకు ఒకే అర్థం. ఆ పేరు దేశం దాటి ఒక ప్రోగ్రామ్ చేతిలో పడినప్పుడే చిక్కు మొదలవుతుంది. అది మూడింట్లో ఒకదాన్ని ఎంచుకుని తీరాలి.

ఆ ఎంపిక ప్రోగ్రామ్ రాసినవాళ్లది. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకోసం ఒక పట్టిక ఉంటుంది, దాని డిఫాల్ట్ పట్టికలో `IST` ఇజ్రాయెల్‌ది. ఈ పేరు మరికొన్ని దేశాలకూ ఉందని ఆ ఫైల్‌లోనే రాసి పెట్టారు కూడా. జావా పాత పేర్ల జాబితాలో మాత్రం `IST` అంటే ఆసియా/కోల్‌కతా. లైనక్స్ సర్వర్లలో ఉండే `date` కమాండ్ కూడా దాన్ని భారత సమయంగానే చదువుతుంది. ఫారంలో ఇంతకుముందు ఈ సమస్య చూసిన కుర్రాడు చేసిన పరీక్ష ఇదే:

```
date -d '2024-05-14 05:10 IST'
```

సరైన జవాబే వచ్చింది. దాంతో సర్వర్ బాగానే ఉంది, సెన్సర్లే పాడయ్యాయి అని తేల్చి, వాటిని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాడు. అదే మెషీన్ మీద ఒక ప్రోగ్రామ్ సరిగ్గా చదివిందంటే పక్క ప్రోగ్రామ్ కూడా అలాగే చదువుతుందనుకోవడం సహజమే. పొట్టిపేర్ల విషయంలో ఆ నమ్మకం చెల్లదు. టైమును చివరికి ఏ ప్రోగ్రామ్ చదివి దాచుకుంటుందో దానితోనే పరీక్ష చేయాలి.

ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు?

లాగర్ ఏళ్ల తరబడి `IST` అనే రాస్తోంది. పాత గ్రాఫులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి మధ్యలో ఏం మారింది? ఈ కేసులో అన్నిటికన్నా తెలుసుకోవాల్సిన సంగతి ఇదేనని నాకు అనిపించింది.

మొదట్లో టైము కాలమ్‌ను `timestamp` రకంగా పెట్టారు. దానికి టైమ్‌జోన్ అంటూ ఉండదు. అలాంటి కాలమ్‌లోకి `2024-05-14 05:10 IST` అనే టెక్స్ట్ వస్తే పోస్ట్‌గ్రెస్ చివరి మూడు అక్షరాలనూ చప్పుడు చేయకుండా వదిలేసి 05:10 ని మాత్రం ఉంచుకుంటుంది. హెచ్చరిక కూడా ఇవ్వదు. అంటే ఇన్నేళ్లూ సరైన టైము వచ్చింది `IST` ని సరిగ్గా అర్థం చేసుకున్నందుకు కాదు, దాన్ని అసలు పట్టించుకోనందుకు.

గేట్‌వే కొన్నప్పుడు, రెండు పరికరాల టైములూ ఒకే పద్ధతిలో ఉండాలని కాలమ్‌ను `timestamptz` కి మార్చారు. ఆ నిర్ణయం మంచిదే, నేనున్నా అదే చేసేవాణ్ని. మార్చే సమయంలో డేటాబేస్ టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా కాబట్టి పాత రీడింగులన్నీ భారత సమయంగానే మారాయి. ఆ తర్వాత వచ్చిన రీడింగులకే దెబ్బ. కొత్త కాలమ్ టైమ్‌జోన్ పేరును వదిలేయదు, చదువుతుంది, చదివి ఇజ్రాయెల్ అనుకుంటుంది. కాలమ్ మార్చిన రోజు గ్రాఫు తీసి చూస్తే లాగర్ గీత ఒకచోట తెగి, మూడున్నర గంటల ఖాళీ తర్వాత మళ్లీ మొదలైంది. అప్పట్లో దాన్ని కరెంటు పోయిన సమయం అనుకున్నారు.

అలారం ఆగలేదు

గ్రాఫు ఒకటే తప్పయితే పెద్ద నష్టం లేదు. అలారం సంగతి వేరు. ఫారంలో పెట్టుకున్న నియమం ఇది: గత 30 నిమిషాల్లో డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గిన రీడింగు ఉంటే ఫోన్ మోగాలి. క్వెరీలో `ts > now() - interval '30 minutes'` అని ఉంది.

లాగర్ రీడింగులు మూడున్నర గంటలు ముందుకు జరిగాయి కాబట్టి అవన్నీ భవిష్యత్తులో ఉన్నట్టు లెక్క. తెల్లవారుజామున 5:20 కి తీసుకున్న రీడింగు 8:50 పేరుతో కూర్చుంటుంది. అప్పుడు క్వెరీ చూస్తున్నది గత అరగంటను కాదు, గత నాలుగు గంటలను. ఆక్సిజన్ పడిపోయిన మరుక్షణం అలారం మోగుతుంది, అది సరే. కానీ ఏరియేటర్లు వేసి, పొద్దెక్కి, డీఓ కోలుకున్నాక కూడా తొమ్మిదిన్నర దాకా మోగుతూనే ఉంటుంది. మనుషులు ఏం చేస్తారు? రాత్రి కాపలా ఉండేవాళ్లు ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఆక్సిజన్ అలారాన్ని సైలెంట్‌లో పెట్టిన ఫారం అంటే నాకు నిజంగా టెన్షన్. పంట ఒక్క రాత్రిలో పోయే వ్యాపారం ఇది.

ఇక్కడే ఇంకో గుర్తు దొరుకుతుంది. ఇప్పుడే తీసుకున్న రీడింగు ఇప్పటికంటే తర్వాతి టైముతో ఉండకూడదు. ప్రతి రీడింగు పక్కన అది డేటాబేస్‌కు చేరిన సమయాన్ని `received_at` అనే కాలమ్‌లో `now()` తో నమోదు చేసి ఉంటే, రెండింటి తేడా మొదటి రోజే దొరికేది. ఇప్పుడు ఆ కాలమ్ పెట్టించాను. రీడింగు టైము, అది అందిన టైముకు ఐదు నిమిషాల కంటే ఎక్కువ తర్వాత ఉంటే ఆ లైనును వేరే పట్టికలో పడేస్తాం. తేడా రెండో వైపు వచ్చినప్పుడు మాత్రం ఇంత సులువు కాదు. రీడింగు గంటల వెనక కనిపిస్తే అది నెట్‌వర్క్ లేక ఆలస్యంగా వచ్చిందా, టైమ్‌జోన్ తప్పా అన్నది చెప్పలేం. అందుకే వెనకబడిన వాటిని ఆపకుండా, ఒకే పరికరానికి రోజంతా ఒకే తేడా వస్తుంటే సూపర్‌వైజర్‌కి తెలిసేలా చేశాం.

సరిదిద్దిన పద్ధతి

పోస్ట్‌గ్రెస్‌లో `timezone_abbreviations` అనే సెట్టింగు ఉంది. దానికి `India` అని ఇస్తే `IST` భారత సమయం అవుతుంది. ఒక్క లైను మార్పు. నేను దాని మీద ఆధారపడలేదు. రేపు డేటాను కొత్త సర్వర్‌కు మారిస్తే సెట్టింగు వెంట రాకపోవచ్చు, రాలేదని ఏ ఎర్రరూ చెప్పదు. పైగా అది ఒక్క `IST` కే మందు. ఇక్కడి రొయ్యలు అమెరికాకూ వెళ్తాయి, చైనాకూ వెళ్తాయి. రెండు దేశాల్లోనూ `CST` అనే పేరు ఉంది. అమెరికాలో అది యూటీసీకి 6 గంటలు వెనక, చైనాలో 8 గంటలు ముందు. కంటైనర్ ఉష్ణోగ్రత రిపోర్టు చైనా నుంచి `CST` తో వస్తే డిఫాల్ట్ పట్టికతో అది 14 గంటలు తప్పుతుంది. సరుకు ఎక్కడ కరిగిందన్న గొడవలో 14 గంటలంటే బాధ్యత ఒకరి మీంచి ఇంకొకరి మీదకు మారిపోయేంత తేడా. ఈ సెట్టింగులో ఏ పట్టికను ఎంచుకున్నా ఒక `CST` కి ఒకే అర్థం ఉంటుంది.

కాబట్టి పేరు డేటాబేస్ దాకా వెళ్లకుండా ముందే ఆపాలి. లాగర్ తీరు మార్చే వీలు లేదు, దాని ఫర్మ్‌వేర్‌లో ఆ సదుపాయం లేదు. దాని ఫైళ్లు చదివే స్క్రిప్ట్‌కు మాత్రం ఆ ఫైల్ ఏ పరికరానిదో, ఆ పరికరం ఏ ఊళ్లో ఉందో తెలుసు. అర్థం తేల్చాల్సింది అక్కడే:

```python
if s.endswith(" IST"):      # ఈ లాగర్ భీమవరంలోనే ఉంది
    s = s[:-4] + "+05:30"
```

ఆ తర్వాత అంకెల ఆఫ్‌సెట్ లేని ఏ లైనునూ లోపలికి రానివ్వం. భారత్‌లో వేసవి సమయం మార్పు లేదు కాబట్టి ఇక్కడ `+05:30` ఎప్పటికీ సరిపోతుంది. పరికరం అమెరికాలో ఉంటే ఇలా అంకె అతికించడం కుదరదు, అక్కడ ఏడాదికి రెండుసార్లు ఆఫ్‌సెట్ మారుతుంది. అప్పుడు `America/Chicago` లాంటి పూర్తి పేరుతో ఆ తేదీకి తగ్గ ఆఫ్‌సెట్ లెక్కకట్టించాలి.

ఇక పాత డేటా. `IST` ని పోస్ట్‌గ్రెస్ ఏడాది పొడవునా 2:00 గానే చదివింది కనుక తప్పు అంతటా ఒకే కొలత. తప్పు పడిన ప్రతి రీడింగులోంచీ మూడున్నర గంటలు తీసేస్తే చాలు. రాయడానికి ఒక్క `update`. అది నడుస్తుందన్న హామీ లేదు. చెరువు నంబరు, పరికరం, టైము కలిపి యూనిక్ కీ ఉంది. రీడింగులు పది నిమిషాలకోసారి వస్తాయి, మూడున్నర గంటలను పది నిమిషాలతో భాగిస్తే శేషం ఉండదు. `update` లైన్లను ఏ వరుసలో జరుపుతుందో చెప్పలేం కాబట్టి, 8:50 లైనును 5:20 కి జరపబోయేసరికి అక్కడ ఇంకా జరగని మరో 5:20 లైను కూర్చుని ఉండొచ్చు. అప్పుడు డూప్లికేట్ కీ అని ఆగిపోతుంది.

అందుకే కొత్త పట్టిక తెరిచి, సరిచేసిన టైములతో అందులోకి నింపాం:

```sql
insert into readings_new (id, pond_id, source, ts, dissolved_o2)
select id, pond_id, source,
  case when source = 'logger' and id >= :first_bad_id
       then ts - interval '3 hours 30 minutes'
       else ts end,
  dissolved_o2
from readings;
```

హద్దుగా టైమును కాకుండా `id` ని పెట్టుకున్నాం. ఆ వరుస సంఖ్య రీడింగు ఎప్పుడు చేరిందో దాని ప్రకారమే ఉంటుంది, టైమ్‌జోన్‌తో పని లేదు. స్క్రిప్ట్ మార్పునూ ఈ పనినీ ఒకేసారి చేయాలి. ముందు స్క్రిప్ట్ మార్చేసి పాత పట్టికలోకే పంపితే, సరైన టైముతో వచ్చే కొత్త రీడింగులు అప్పటికే భవిష్యత్తులో కూర్చున్న తప్పు లైన్లను గుద్దుకుంటాయి. మూడున్నర గంటల పాటు ఒక్కటి కూడా లోపలికి పోదు. లాగర్ ఫైళ్లను కాసేపు ఆపి, పట్టిక మార్చి, మళ్లీ వదిలాం.

నింపాక పరీక్ష మళ్లీ సూర్యుడితోనే. భారత ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీలు కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. భీమవరం దానికి సుమారు ఒక డిగ్రీ పడమర, అంటే రేఖాంశం వల్ల గడియారానికీ ఎండకూ వచ్చే తేడా సుమారు నాలుగు నిమిషాలే. కాబట్టి ఈ డెల్టాలో సూర్యోదయం వేళతో డీఓ కనిష్ఠాన్ని నేరుగా పోల్చుకోవచ్చు. ప్రతి చెరువుకూ ప్రతి రోజు కనిష్ఠం ఏ గంటలో పడిందో తీశాం. అన్నీ సూర్యోదయం చుట్టూ వచ్చాయి. మబ్బు పట్టిన రోజుల్లో కొంచెం ఆలస్యం, అది ఉండాల్సిందే.

ఒక దారి మిగిలిపోయింది, అది రిపోర్టుల వైపు. ప్రాసెసింగ్ ప్లాంటుకు వారానికోసారి పంపే ఫైల్‌లో టైమును `to_char` తో, చివర `TZ` పెట్టి రాస్తున్నారు. సెషన్ టైమ్‌జోన్ కోల్‌కతా అయితే అది `IST` అని అచ్చు వేస్తుంది. అంటే పోస్ట్‌గ్రెస్ తానే భారత సమయం అనే అర్థంలో రాసిన `IST` ని, ఎవరైనా ఆ ఫైల్‌ను మళ్లీ ఎక్కిస్తే తానే ఇజ్రాయెల్ అని చదువుతుంది. `TZ` తీసి `OF` పెట్టాం, ఇప్పుడు `+05:30` అని వస్తుంది.

పోస్ట్‌గ్రెస్ 18 నుంచి ఈ తీరు మారింది. పొట్టిపేరు వస్తే ముందు సెషన్ టైమ్‌జోన్‌లో ఆ పేరు ఉందేమో చూసి, లేకపోతేనే పట్టికకు వెళ్తుంది. సెషన్ ఆసియా/కోల్‌కతా అయితే `IST` ఇప్పుడు భారత సమయమే. ఈ ఫారం సర్వర్ మాత్రం 14 మీద ఉంది. 18 కి మారినా, క్లౌడ్ సర్వర్లలో మామూలుగా ఉండేట్టు సెషన్ టైమ్‌జోన్ యూటీసీగా ఉంటే అందులో `IST` అనే పేరు ఉండదు, కాబట్టి అది మళ్లీ డిఫాల్ట్ పట్టికకే వెళ్లి 2:00 తెస్తుంది. అందుకని వెర్షన్ మార్చాక కూడా స్క్రిప్ట్‌లో ఆ రెండు లైన్లూ తీయొద్దని ఫారం వాళ్లకు రాసి ఇచ్చాను.